రాసేసిన బాకీ మళ్లీ వస్తే పార్టీ ఖాతాలో మైనస్ ఎందుకు పడుతుంది?

ప్రశ్న: తెనాలిలో ఒక ఎలక్ట్రికల్ షాపులో అకౌంట్స్ రాస్తాను. ఒక కాంట్రాక్టర్ 2022 ఆగస్టు బిల్లు రూ. 1,18,000 ఇవ్వకపోతే 2024 మార్చి 31న రాని బాకీ కింద రాసేశాం. మొన్న 2024 నవంబర్‌లో ఆయన 50,000 బ్యాంకులో వేశాడు. రిసీట్ వేస్తే ఆయన ఖాతాలో 50,000 క్రెడిట్ చూపిస్తోంది. తప్పు ఎక్కడుంది? ఆడిటర్ గారు పోయినేడాది 46,000 ప్రొవిజన్ పెట్టించారు, ఈ 2025 మార్చికి 63,000 ఉండాలంటున్నారు. ఆ 63,000 మొత్తం ఖర్చులో వేయాలా? ఈ ఏడాది ఇంకో చిన్న పార్టీ బాకీ 21,000 కూడా రాసేశాం. బిల్లు మీద కట్టిన జీఎస్టీ 18,000 వెనక్కి వస్తుందా?

సమాధానం:

ముందు ఆ మైనస్ సంగతి చూద్దాం. అది ఇలాగే వదిలేస్తే మిగతా లెక్కలన్నీ పక్కకి పోతాయి.

2024 మార్చి 31న మీరు వేసిన జర్నల్‌తో కాంట్రాక్టర్ ఖాతా సున్నా అయింది. ఆయన ఇవ్వాల్సింది లేదని కాదు, వస్తుందన్న ఆశ మన పుస్తకాల్లో వదిలేశామని. ఇప్పుడు ఆ సున్నా ఖాతాలో 50,000 క్రెడిట్ చేశారు. పార్టీ ఖాతాలో క్రెడిట్ నిల్వ అంటే మనమే ఆయనకి 50,000 బాకీ ఉన్నామని అర్థం. నిజం దానికి పూర్తిగా ఎదురు.

దీనివల్ల ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. చాలా ఏళ్ల కిందట నేను లెక్కలు చూసే ఒక ఎరువుల షాపులో అచ్చం ఇలాగే రాసేసిన బాకీలో 40,000 తిరిగొచ్చింది. గుమస్తా పార్టీ ఖాతాకే జమ చేశాడు. తర్వాత సీజన్లో ఆ పార్టీ సరుకు కోసం వస్తే, కౌంటర్లో ఉన్న కొత్త కుర్రాడు స్క్రీన్ మీద క్రెడిట్ చూసి అడ్వాన్స్ అనుకున్నాడు. కొత్త బిల్లు అందులో సర్దేసి 40,000 సరుకు పంపించేశాడు. పాత బాకీలో దక్కిన కాస్తా అలా పోయింది. పార్టీ మాట్లాడలేదు, ఎందుకు మాట్లాడతాడు!

మీ దగ్గర సరిదిద్దడం తేలికే. వేసిన రిసీట్ తీసేయక్కర్లేదు. 'రాని బాకీల వసూలు' అని పరోక్ష ఆదాయాల కింద ఒక లెడ్జర్ తెరవండి. టాలీలో F7 జర్నల్‌లో ఇలా వేయండి:

కాంట్రాక్టర్ ఖాతా డెబిట్ 50,000
రాని బాకీల వసూలు ఖాతా క్రెడిట్ 50,000

తేదీ డబ్బు పడిన రోజుదే వేయండి. ఈ డెబిట్, రిసీట్‌లోని క్రెడిట్ కలిసి ఖాతా మళ్లీ సున్నాకొస్తుంది. బిల్లువారీగా రాస్తుంటే జర్నల్‌లో పార్టీ వైపు `New Ref` ఇచ్చి పాత బిల్లు నంబరే పక్కన ఒక గుర్తుతో రాయండి. తర్వాత రిసీట్ తెరిచి `On Account` ఉన్న చోట `Agst Ref` పెట్టి దానికి కలపండి. ఇది చేయకపోతే నిల్వ సున్నా ఉన్నా, రావాల్సిన బిల్లుల రిపోర్టులో ఒక ప్లస్, ఒక మైనస్ విడివిడిగా వేలాడుతూనే ఉంటాయి.

పాఠ్యపుస్తకాల్లో అయితే దీన్ని ఒకే ఎంట్రీలో చూపిస్తారు. బ్యాంకు డెబిట్, రాని బాకీల వసూలు క్రెడిట్, పార్టీ పేరే రాదు. లాభం లెక్కకి అదీ సరైనదే. నేను మాత్రం పార్టీ ఖాతా మీదుగానే నడిపిస్తాను. రేపు ఆయన మళ్లీ అప్పు అడిగితే, ఆయన ఖాతా తెరిచిన వాళ్లకి ఎప్పుడు ఎగ్గొట్టాడో, ఎప్పుడు ఎంత తెచ్చిచ్చాడో రెండూ ఒక్క పేజీలో కనపడాలి. అలాగని మొత్తం 1,18,000 మళ్లీ నిలబెట్టకండి. వచ్చినంతే నిలబెట్టండి. మిగతా 68,000 వస్తుందనడానికి 50,000 రావడం ఒక్కటే ఆధారం కాదు.

ఇంకో మాట. ఈ 50,000ని కొందరు పాత ఎంట్రీని తిప్పేసి, అంటే రాని బాకీల ఖర్చు ఖాతాకే క్రెడిట్ చేసి, ముగించేస్తారు. అప్పుడు ఈ ఏడాది 21,000 ఖర్చు ఉండాల్సిన చోట 29,000 మైనస్ ఖర్చు కనిపిస్తుంది. రాసేయడం పోయినేడాది జరిగింది, ఆ ఏడాది పుస్తకాలు మూసేశారు, రిటర్న్ కూడా వేసేశారు. వసూలు ఈ ఏడాది ఆదాయం. రెండూ వేరుగా కనపడాలి, కారణం పన్ను దగ్గర చెప్తాను.

ఇక ప్రొవిజన్. దీని దగ్గర అయోమయం ఎందుకంటే రాని బాకీ, సంశయాత్మక బాకీ రెండూ ఒకటే అనుకోవడం. రాని బాకీకి పేరుంటుంది. ఫలానా కాంట్రాక్టర్, ఫలానా బిల్లు, ఇక రాదు. ఆ పేరు మీదున్న ఖాతానే తగ్గిస్తాం. ప్రొవిజన్‌కి పేరుండదు. 31 మార్చి నాటికి బాకీ ఉన్న వందమందిలో కొందరు ఇవ్వరని అనుభవం చెప్తుంది, ఎవరన్నది తెలియదు. అందుకే ఏ పార్టీ ఖాతానీ ముట్టుకోకుండా పక్కన ఒక ఖాతాలో ఆ మొత్తం పెట్టుకుంటాం. ఆస్తి అప్పుల పట్టీలో మొత్తం బాకీల నుంచి దాన్ని తీసేసి చూపిస్తాం.

మీ ఆడిటర్ గారు చెప్పిన 63,000 బహుశా బాకీల వయసుని బట్టి వచ్చింది. అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం. ఈ మార్చి 31న, 21,000 రాసేశాక, మీకు రావాల్సింది 12,60,000. అందులో 90 రోజుల లోపువి 9,00,000, వాటికి 1 శాతం చొప్పున 9,000. 91 నుంచి 180 రోజులవి 2,20,000, 5 శాతం చొప్పున 11,000. ఆరు నెలలు దాటి ఏడాది లోపువి 90,000, 20 శాతం చొప్పున 18,000. ఏడాది దాటినవి 50,000, సగానికి సగం, 25,000. కలిపితే 63,000.

ఈ శాతాలు ఏ చట్టంలోనూ లేవు. మీ షాపు పాత లెక్కల్లోంచే రావాలి. గత మూడు నాలుగేళ్లలో ఆరు నెలలు దాటిన బాకీలన్నీ తీసి చూడండి. మొత్తం 5 లక్షలుండి అందులో చివరికి లక్ష రాకపోతే, అదే మీ 20 శాతం. పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం కింద ఈ పనే మరింత పకడ్బందీగా చేయాల్సి ఉంటుంది. మనలాంటి షాపులకి ఈ పట్టిక చాలు.

పట్టిక నమ్మదగ్గదో కాదో ముందు ఒకటి చూసుకోండి. పార్టీలు డబ్బు వేసినప్పుడల్లా బిల్లుకి కలపకుండా `On Account` అని వదిలేసి ఉంటే, ఎప్పుడో తీరిపోయిన బిల్లులు ఏడాది దాటిన వరసలో కూర్చుని ఉంటాయి. పాతికవేలు పెట్టాల్సిన చోట యాభైవేలు పెడతారు. అలాగే ఆ కాంట్రాక్టర్ మైనస్ 50,000 ఇంకా ఉంటే మొత్తం బాకీలు 12,60,000 బదులు 12,10,000 చూపిస్తుంది. అందుకే ముందు దాన్ని సరిదిద్దమన్నాను. ఒక పార్టీ మీద ప్రత్యేకంగా అనుమానం ఉంటే, చెక్కు బౌన్సయిందనో షాపు మూసేశాడనో తెలిస్తే, అతన్ని ఈ పట్టికలోంచి బయటకి తీసి విడిగా అంచనా వేయండి. అతని తొంభై రోజుల బిల్లుకి 1 శాతం పెట్టి ఊరుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, 63,000 మొత్తం ఖర్చా? కాదు. 63,000 అనేది ప్రొవిజన్ ఖాతాలో ఏడాది చివర ఉండాల్సిన నిల్వ. ఖర్చులోకి వెళ్లేది ఆ నిల్వకి చేరడానికి ఎంత తక్కువైందో అంతే. ఇంట్లో బియ్యం డబ్బా లాంటిదే. నెలాఖరుకి డబ్బా నిండుగా ఉండాలంటే, అడుగున మిగిలింది చూసుకుని తక్కువైనంతే పోస్తాం కదా.

డబ్బా ఎంత ఉందో చూద్దాం. ఏడాది మొదట్లో 46,000 క్రెడిట్. మధ్యలో చిన్న పార్టీ 21,000 ఎగ్గొట్టాడు. అలాంటి వాళ్లుంటారనే కదా పోయినేడాది 46,000 పెట్టుకున్నాం, కాబట్టి ఆ నష్టం ఇందులోంచే పోవాలి. మిగిలింది 25,000. ఉండాల్సింది 63,000. తక్కువైంది 38,000. ఎంట్రీలు ఇవి:

రాని బాకీల ఖాతా డెబిట్ 21,000, చిన్న పార్టీ ఖాతా క్రెడిట్ 21,000
ప్రొవిజన్ ఖాతా డెబిట్ 21,000, రాని బాకీల ఖాతా క్రెడిట్ 21,000
లాభనష్టాల ఖాతా డెబిట్ 38,000, ప్రొవిజన్ ఖాతా క్రెడిట్ 38,000

కొన్ని షాపుల్లో 21,000ని ప్రొవిజన్‌లోంచి తీయకుండా నేరుగా ఖర్చులో వేసి, ప్రొవిజన్‌ని 46,000 నుంచి 63,000కి పెంచుతారు. అంటే ఇంకో 17,000 ఖర్చు. 21,000, 17,000 కలిపితే మళ్లీ అదే 38,000. ఏ దారైనా ఒకటే, కానీ ఏదో ఒకటే పట్టుకోండి. రెండూ కలిపేసి, 21,000 ఖర్చులో వేసి, దాన్నే ప్రొవిజన్‌లోంచి కూడా తీసి, ఆపైన 38,000 వేసిన పుస్తకాలు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఒకే నష్టం రెండుసార్లు లాభంలోంచి పోతుంది. దీన్ని పట్టుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. రాని బాకీలు, ప్రొవిజన్ పేరుతో ఈ ఏడాది లాభనష్టాల ఖాతాకి వెళ్లిన ఖర్చంతా కూడండి. దాన్ని పోయినేడాది ప్రొవిజన్ నిల్వకి కలిపి, ఈ ఏడాది రాసేసిన బాకీలు తీసేస్తే ఇప్పటి నిల్వ రావాలి. 46,000కి 38,000 కలిపి 21,000 తీస్తే 63,000. రాకపోతే ఎక్కడో రెండుసార్లు పడింది.

వసూలైన 50,000ని కూడా ఈ ప్రొవిజన్‌లోనే కలిపేయమని కొందరంటారు. కలిపితే నిల్వ 75,000 అవుతుంది, కావాల్సింది 63,000 కాబట్టి 12,000 లాభంలోకి తిరిగొస్తుంది. విడిగా చూపిస్తే 50,000 ఆదాయం, 38,000 ఖర్చు, తేడా అదే 12,000. లాభం మారదు. కానీ కలిపేస్తే 50,000 వచ్చిందన్న సంగతే లాభనష్టాల ఖాతాలో కనపడదు, పన్ను లెక్క వేసేవాళ్లు దాన్ని చూడకుండా దాటిపోతారు. విడిగానే ఉంచండి.

టాలీలో ప్రొవిజన్ లెడ్జర్‌ని `Provisions` గ్రూపు కింద పెడితే అప్పుల వైపు వెళ్లి కూర్చుంటుంది. ఆస్తుల వైపే బాకీల 12,60,000తో పాటు మైనస్ 63,000గా కనపడాలంటే `Current Assets` కింద ఒక గ్రూపు తెరిచి అందులో పెట్టుకోండి. `Sundry Debtors` గ్రూపులో మాత్రం పెట్టకండి, అది కూడా ఒక పార్టీ అయిపోయి వసూళ్ల జాబితాలో తేలుతుంది.

పన్ను దగ్గరికి వద్దాం. ఇది 2024-25 లెక్క కాబట్టి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్లే చెప్తున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం, దాని నంబర్లు వేరు. సెక్షన్ 36(1)(vii) కింద పుస్తకాల్లో రాసేసిన బాకీకి మినహాయింపు ఉంది, ప్రొవిజన్‌కి లేదు. కాబట్టి రిటర్న్ లెక్కలో మీ లాభానికి 38,000 తిరిగి కలపాలి, నిజంగా రాసేసిన 21,000 తీసేయాలి. మొదటి సగం అందరూ చేస్తారు. రెండోది మర్చిపోతారు, ఎందుకంటే 21,000 ప్రొవిజన్‌లోంచి పోయింది కాబట్టి లాభనష్టాల ఖాతాలో ఆ పేరు కనపడదు. దక్కాల్సిన మినహాయింపు అలా చేజారుతుంది.

రాసేయడం అంటే పార్టీ ఖాతాలో రాసేయడమే, అదీ మార్చి 31 లోపు. ఆ బాకీ ఎప్పుడో మన ఆదాయంలో లెక్కకొచ్చి ఉండాలి. మీది అమ్మకం బిల్లు కాబట్టి వచ్చింది. చేబదులు ఇచ్చిన డబ్బయితే ఈ దారి లేదు. 'నిజంగా రాదని నిరూపించు' అని ఆఫీసర్లు అడిగే రోజులు పోయాయి. 1989 ఏప్రిల్ 1 తర్వాత పుస్తకాల్లో రాసేస్తే చాలని టీఆర్‌ఎఫ్ లిమిటెడ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా రిమైండర్ ఉత్తరాలు, వాట్సాప్ సందేశాలు, బౌన్సయిన చెక్కు ఫైల్లో పెట్టుకోవడం నా అలవాటు. మీరు 44AD కింద అంచనా లాభం చూపిస్తుంటే మాత్రం ఈ మినహాయింపు విడిగా దొరకదు, అందులోనే కలిసి ఉన్నట్టు లెక్క.

తిరిగొచ్చిన 50,000 మీద సెక్షన్ 41(4) వర్తిస్తుంది. పోయినేడాది 1,18,000 మొత్తానికీ మినహాయింపు దక్కి ఉంటే ఇప్పుడు వచ్చిన 50,000 మొత్తం ఆదాయమే. కానీ అప్పుడు అసెస్‌మెంట్‌లో 1,00,000కే ఒప్పుకుని, జీఎస్టీ భాగం 18,000 కొట్టేశారనుకోండి. అప్పుడు వచ్చిన డబ్బులో ముందు ఆ 18,000 మనది, దాని మీద మళ్లీ పన్ను లేదు. మిగతా 32,000 మీదే పన్ను. అందుకే పోయినేడాది రిటర్న్, అసెస్‌మెంట్ ఆర్డర్ ఏదైనా వచ్చి ఉంటే అదీ ఒకసారి తీసి చూడండి.

జీఎస్టీ 18,000 మాత్రం రాదండి. ప్రస్తుత చట్టంలో పార్టీ డబ్బివ్వలేదన్న కారణానికి కట్టిన పన్ను వెనక్కి తీసుకునే దారి లేదు. సెక్షన్ 34 కింద క్రెడిట్ నోటుకి కారణాలు వేరే. బిల్లు ధరో పన్నో ఎక్కువ పడటం, సరుకు తిరిగి రావడం, సరుకులో లోపం. 'సేల్స్ రిటర్న్ అని క్రెడిట్ నోటు వేసేద్దాం' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వేయకండి. వెనక్కొచ్చిన వైర్లు మీ స్టాకులో చూపించాలి, అవి గోడౌన్లో లేవు. అవతలి వాడు క్రెడిట్ తిప్పాలి, వాడు తిప్పడు. రెండు వైపులా తేడా వచ్చి నోటీసు మీకే వస్తుంది. ఊరట ఒక్కటే, తిరిగొచ్చిన 50,000 మీద మళ్లీ జీఎస్టీ కట్టక్కర్లేదు, బిల్లు రోజే మొత్తం కట్టేశారు.

ఇందులోనే మనకి పనికొచ్చే ఒక పట్టు ఉంది. కొన్నవాడు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బివ్వకపోతే తాను తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో తిప్పాలి. ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టర్లకి ఈ సంగతి మర్యాదగా ఒక ఉత్తరంలో గుర్తుచేస్తే, ఫోన్ ఎత్తనివాళ్లు కూడా తిరిగి ఫోన్ చేసిన సందర్భాలున్నాయి. బాకీ పాతబడకముందే, అయిదో నెలలో రాయాలి ఇది.

చివరిగా ఆ 68,000. మనం పుస్తకాల్లో రాసేస్తే ఆయన బాకీ మాఫీ అయినట్టు కాదు. సరుకు అమ్మకం బాకీకి దావా గడువు మూడేళ్లు. 2022 ఆగస్టు బిల్లు, డబ్బు కట్టడానికి విడిగా గడువిచ్చి ఉండకపోతే, 2025 ఆగస్టుతో అయిపోతుంది. ఆయన నవంబర్‌లో డబ్బు వేసింది గడువు లోపలే. 'ఫలానా బిల్లు బాబతు 50,000 ఇచ్చాను, 68,000 ఇవ్వాలి' అని తేదీ వేసి ఆయన సంతకంతో ఒక కాగితం ఆ ఆగస్టు లోపే రాయించుకోవాలి. లిమిటేషన్ చట్టం ప్రకారం దానితో మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. 2025 ఆగస్టు దాటాక ఆ సంతకం పెట్టించుకుంటే అంత బలం ఉండదు. అప్పుడు ఇస్తానని స్పష్టంగా రాసిచ్చిన కొత్త వాగ్దానం కావాలి. ఆయన 'యాభైతో సరిపెట్టేయండి, నో డ్యూ ఇవ్వండి' అంటే ఆ నిర్ణయం మీ ఓనర్ గారిది. మీరు కౌంటర్లో ఇచ్చే రసీదు మీద మాత్రం 'పూర్తిగా ముట్టింది' అన్న మాట పడకుండా చూసుకోండి.